సగటు రేఖ దగ్గర కొనేవాళ్లు తప్పు ఎక్కడ ఒప్పుకోవాలి?

పెరుగుతున్న షేరు ఎప్పుడూ ఒకే ఊపున పెరగదు. కొంత పైకెళ్లి, కొంత దిగి, మళ్లీ లేస్తుంది. అలా దిగినప్పుడు 20 రోజుల మూవింగ్ యావరేజ్ దగ్గర కొనాలన్నది ట్రేడర్లలో బాగా నలిగిన పద్ధతి. అయితే ఆ రేఖ షేరును పట్టి ఆపుతుందని అనుకుంటేనే చిక్కు. అది గత 20 రోజుల ముగింపు ధరల సగటు, అంతే.

ఒక ఊహాజనిత షేరును తీసుకుందాం. 20 సెషన్ల కిందట 425 రూపాయలున్నది 480 దాకా వెళ్లి, దిగడం మొదలెట్టింది. సగటు 456 దగ్గరుంది. ఒక రోజు 449కి జారి, మళ్లీ లేచి 458 దగ్గర ముగిసింది. ఆ రోజు లెక్కలోంచి 425 పోయి 458 చేరింది కాబట్టి, షేరు దిగుతున్న రోజుల్లోనూ సగటు రూపాయిన్నర పైనే పెరిగింది. 20 సెషన్ల కిందటి ధర కంటే ఇవాళ్టి ముగింపు తగ్గిన రోజున రేఖ కిందికి వంగుతుంది. రేఖ అడ్డంగా సాగుతుంటే ఈ పద్ధతి జోలికి పోకూడదు. అక్కడ ధర రేఖను రోజూ అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది.

రేఖను తాకగానే కొనేస్తే దిగడం ఆగిందో లేదో తెలియదు. అందుకే చాలామంది ఆ రోజు గరిష్ఠాన్ని మర్నాడు దాటేదాకా ఆగుతారు. గరిష్ఠం 461 అయితే, కొనుగోలు 462 దగ్గర. కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టినా నాకు ఇదే నయమనిపిస్తుంది.

మరి స్టాప్‌లాస్ ఎక్కడ? రేఖకు ఆనించి 455 దగ్గర పెడితే, రోజూ ఏడెనిమిది రూపాయలు ఊగే షేరు ఉత్తినే బయటికి తోసేస్తుంది. మనం నమ్మింది 449 దగ్గర కొనుగోలుదారులు వచ్చారని. అది విరిగితే నమ్మకం తప్పినట్టే. ఊగిసలాటకు నాలుగు రూపాయలు వదిలి 445 దగ్గర స్టాప్ పెడితే, షేరుకు 17 రూపాయల రిస్క్. అంతకు ముందరి కనిష్ఠం 418 విరిగితే మాత్రం చెడేది ట్రెండే. అంత దూరం ఓపిక పట్టి 415 దగ్గర పెట్టుకుంటే రిస్క్ 47 రూపాయలు. రెండు లక్షల పెట్టుబడిలో ఒక శాతం, అంటే 2,000 రూపాయలు పోయినా ఫర్వాలేదనుకునేవారు మొదటి లెక్కన 117 షేర్లు, రెండో లెక్కన 42 కొనొచ్చు. ముందు స్టాప్, తర్వాతే షేర్ల సంఖ్య. చాలామంది దీన్ని తిరగేస్తారు.

స్టాప్ పెట్టినంత మాత్రాన నష్టం 2,000 దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. రాత్రి చెడు వార్త వచ్చి షేరు 435 దగ్గర తెరుచుకుంటే 117 షేర్ల మీద 3,159 రూపాయలు పోతాయి. ఇలాంటి షేర్లు అయిదు చేతిలో ఉంటే మార్కెట్ పడిన రోజున అయిదు స్టాప్‌లూ కలిసే తెగొచ్చు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ 5.9 శాతం పడింది.

ఇంకొక్క లెక్క. 462 దగ్గర కొని 480 దాకానే ఆశిస్తే, 18 రూపాయల కోసం 17 పణం పెట్టినట్టు. బ్రోకరేజీ, పన్నులు పోతే మిగిలేది లేదు. 480 దాటుతుందన్న కారణం చార్టులో కనిపించకపోతే ఈ షేరు కొనకండి.