రెండు ఉప్పునీళ్లు కలిస్తే క్లోరైడ్ ఎంత?

ఒక బీకరులో 0.30 మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణం 200 మిల్లీలీటర్లు, మరో బీకరులో 0.40 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం 300 మిల్లీలీటర్లు. రెండూ కలిపేస్తే చూడ్డానికి ఏమీ జరగదు. అవక్షేపం రాదు, రంగు మారదు. లెక్క తేలికైందీ అందుకే: వేసిన అయాన్లన్నీ నీళ్లలోనే ఉంటాయి.

అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు, గాఢతలను నేరుగా కూడేస్తారు. కూడాల్సింది గాఢతల్ని కాదు, మోల్‌లను. లీటర్లను మోలారిటీతో గుణిస్తే కాల్షియం క్లోరైడ్ 0.06 మోల్, సోడియం క్లోరైడ్ 0.12 మోల్. CaCl₂ నీళ్లలో విడిపోతే ఒక కాల్షియంకు రెండు క్లోరైడ్‌లు వస్తాయి. అంటే దాన్నుంచి 0.12, ఉప్పు నుంచి మరో 0.12, వెరసి క్లోరైడ్ 0.24 మోల్.

ఇక మొత్తం పరిమాణంతో, అంటే అరలీటరుతో భాగించడమే. కాల్షియం 0.12, సోడియం 0.24, క్లోరైడ్ 0.48 మోలార్.

సరిచూసుకునే కిటుకు ఒకటుంది. ద్రావణంలో ధన, రుణ ఆవేశాలు సమానంగా ఉండాలి. కాల్షియంకు రెండు ఆవేశాలు గనక దాని వాటా 0.24, సోడియంది 0.24, కలిపితే 0.48. క్లోరైడ్‌తో సరిపోయింది. రెట్టింపు చేయడం మరచినవారికి క్లోరైడ్ 0.36 వస్తుంది, తప్పు వెంటనే బయటపడుతుంది.

పరిమాణాలను ఇలా కూడటం పలుచని ద్రావణాలకే చెల్లుతుంది. బాగా గాఢమైనవైతే కలిపాక కొలజాడీలో పోసి చూసుకోవాల్సిందే.