అనంత శ్రేణిని అనంత శ్రేణితో గుణిస్తే

2.71828… అనే సంఖ్యకు గణితంలో e అని పేరు. దాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే e³ వస్తుంది. ఇంతవరకూ స్కూలు లెక్కే. మరి e^√2 మాటేమిటి? ఒక సంఖ్యను √2 సార్లు వేసి గుణించడమంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. అందుకని గణితజ్ఞులు ఘాతాల ఊసే ఎత్తకుండా ముందు ఒక శ్రేణిని రాసుకుంటారు.

E(x) = 1 + x + x²/2! + x³/3! + x⁴/4! + …

ఇక్కడ 3! అంటే 1×2×3, 4! అంటే 1×2×3×4. ఆయిలర్ 1748లో అచ్చు వేయించిన గ్రంథంలో ఈ శ్రేణి ఉంది. అయితే ఆయన అనంతంగా పెద్ద సంఖ్యలనూ, అనంతంగా చిన్న సంఖ్యలనూ మామూలు అంకెల్లాగే వాడుకుంటూ దీన్ని రాబట్టాడు. మనం అంత ధీమాగా ఉండలేం. కాబట్టి రెండు సంగతులు తేల్చుకోవాలి. x ఎంతైనా సరే ఈ కూడిక ఒక సంఖ్య దగ్గర నిలుస్తుందా? నిలిస్తే, ఘాతాలకు ప్రాణమైన సూత్రం E(x)·E(y) = E(x+y) దీనికి వర్తిస్తుందా?

మొదటి ప్రశ్నకు x = 10 తీసుకుందాం. పదాలు 1, 10, 50, 166.67, 416.67 అంటూ పెరుగుతూ పోతాయి. 10⁹/9! దగ్గరికి వచ్చేసరికి 2755.73 అవుతుంది. ఇక్కడ ఆపేసి చూసినవాడు ఈ మొత్తానికి అంతు లేదనే అనుకుంటాడు. కానీ ఒక పదం నుంచి తర్వాతి పదానికి ఎలా వెళ్తున్నామో గమనించండి. ఏడో ఘాతం నుంచి ఎనిమిదో ఘాతానికి వెళ్లాలంటే 10తో గుణించి 8తో భాగిస్తాం. ఆ తర్వాత భాగించేది 9తో, ఆపైన 10తో. పైన ఉన్న 10 మారదు, కింది సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పదో ఘాతం దగ్గర పదం పెరగక, తగ్గక అదే 2755.73 గా ఉండిపోతుంది. అక్కడి నుంచి దిగుడే.

ఇరవయ్యో ఘాతం దాటాక ప్రతి పదమూ తన ముందుదానిలో సగం కూడా ఉండదు, ఎందుకంటే 10/21 అనేది 1/2 కంటే తక్కువ. ఇరవయ్యో ఘాతపు పదం సుమారు 41.1. దాని తర్వాత వచ్చేవన్నీ కలిపినా అందులో సగం, సగంలో సగం, మళ్లీ అందులో సగం… ఇలా కూడితే వచ్చేదాన్ని మించవు. ఆ కూడిక విలువ 41.1 మాత్రమే. అంటే మిగిలిన అనంతమైన తోక అంతా కలిపి 41.1 లోపే. పదాలన్నీ ధనాత్మకం కాబట్టి మొత్తం పెరుగుతూనే ఉంటుంది, కానీ ఒక హద్దు దాటదు. అలా పెరుగుతూ హద్దు దాటని మొత్తం ఎక్కడో ఒకచోట నిలవాల్సిందే, వాస్తవ సంఖ్యల స్వభావమే అది. ఇక్కడ అది నిలిచేది 22026.4658… దగ్గర.

ఈ వాదనలో 10కి ప్రత్యేకత ఏమీ లేదు. x = 100 అయితే మధ్యలో పదాలు 43 అంకెల సంఖ్య దాకా ఎగబాకుతాయి, అయినా రెండువందలో ఘాతం దాటాక సగాల లెక్కే నడుస్తుంది. x రుణాత్మకమైతే పదాల గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారుతాయి. అప్పుడు ధన పదాలను ఒకవైపు, రుణ పదాలను ఇంకోవైపు పెట్టి కూడుకోవచ్చు. గుర్తులు తీసేసినా మొత్తం హద్దులోనే ఉంటుందని ఇప్పుడే చూశాం కాబట్టి రెండు వైపులా విడివిడిగా నిలుస్తాయి. ఇలా గుర్తులు తీసేసినా నిలిచే గుణాన్ని పరమ అభిసరణ అంటారు. అసలు పని ముందుంది, అక్కడ ఇదే అక్కరకొస్తుంది.

E(x)ను E(y)తో గుణించాలంటే మొదటి శ్రేణిలోని ప్రతి పదాన్నీ రెండో శ్రేణిలోని ప్రతి పదంతో గుణించాలి. ఆ లబ్ధాలను ఎక్కాల పట్టికలా గళ్లలో రాశామనుకోండి. అడ్డవరుసలు x ఘాతాలవి, నిలువు వరుసలు y ఘాతాలవి. ఇప్పుడు గళ్లను ఏటవాలుగా కూడదాం, అంటే x ఘాతం, y ఘాతం కలిసి 2 అయ్యే గళ్లన్నీ ఒక గుంపు, 3 అయ్యేవి ఇంకో గుంపు. 2 గుంపులో ఉండేవి ఇవి:

x²/2 + xy + y²/2 = (x+y)²/2!

3 గుంపులో:

x³/6 + x²y/2 + xy²/2 + y³/6 = (x+y)³/3!

ఏ గుంపు తీసుకున్నా ఇంతే. ఇంటర్‌లో చదివిన ద్విపద సిద్ధాంతమే ఇక్కడ పనిచేస్తోంది. గుంపులన్నీ వరుసగా కూడితే E(x+y) వచ్చేసింది.

చాలా క్లాసుల్లో నిరూపణ ఇక్కడితో అయిపోతుంది. నిజానికి చిక్కు ఇక్కడే ఉంది. E(x)ను N ఘాతం దాకా, E(y)ను N ఘాతం దాకా కూడి గుణిస్తే పట్టికలో ఒక చతురస్రం నిండుతుంది. ఏటవాలుగా N దాకా కూడితే నిండేది త్రిభుజం. రెండింటిలో ఉన్న గళ్లు వేరు. రెండూ ఒకే చోటికి చేరతాయని ఎవరు చెప్పారు?

ముందు x, y ధనాత్మకం అనుకుందాం. N త్రిభుజం N చతురస్రంలో ఇముడుతుంది. ఆ చతురస్రమేమో 2N త్రిభుజంలో ఇముడుతుంది. x = y = 1, N = 2 పెట్టి చూడండి. చతురస్రం విలువ 2.5×2.5, అంటే 6.25. చిన్న త్రిభుజం 1+2+2 = 5, పెద్ద త్రిభుజం 7. N = 4 చేస్తే చిన్న త్రిభుజం 7, చతురస్రం సుమారు 7.335, పెద్ద త్రిభుజం సుమారు 7.387. రెండు త్రిభుజాలూ E(2) వైపే, అంటే 7.389… వైపే పోతున్నాయి, ఎందుకంటే E(2) నిలుస్తుందని ముందే నిరూపించాం. మధ్యలో ఇరుక్కున్న చతురస్రానికి వేరే దారి లేదు.

x, y లలో రుణ సంఖ్యలుంటే, చతురస్రానికీ చిన్న త్రిభుజానికీ ఉన్న తేడా చూడాలి. గుర్తులు తీసేస్తే ఆ తేడా ఎప్పుడూ పెద్ద త్రిభుజానికీ చిన్న త్రిభుజానికీ ఉన్న తేడాను మించదు. అది సున్నాకు పోతుంది కాబట్టి ఇదీ పోతుంది. సూత్రం రుజువైంది. E(1)ని e అని పిలిస్తే E(3) = e×e×e, E(1/2)ను దానితోనే గుణిస్తే e. అంటే E(1/2) అనేది √e.

ఇంత జాగ్రత్త అవసరమా అనేవారికి కోషీ 1821లోనే జవాబిచ్చాడు. 1 − 1/√2 + 1/√3 − 1/√4 + … అనే శ్రేణి నిలుస్తుంది, కానీ గుర్తులు తీసేస్తే నిలవదు. దాన్ని దానితోనే గుణించి ఏటవాలుగా కూడండి. ఒక్కో గుంపులోని గళ్లన్నిటికీ ఒకటే గుర్తు, గుంపు పరిమాణం ఎన్నడూ 1 కంటే తగ్గదు. పదాలే సున్నాకు పోని శ్రేణి నిలవడం కల్ల. ఏటవాలు కూడిక అక్కడ కూలిపోతుంది.

సంకలన సూత్రం లెక్కల పనికి కూడా వస్తుంది. E(−10) విలువ సుమారు 0.0000454. శ్రేణిలో నేరుగా −10 పెట్టి, ఏడు సార్థక అంకెలతో లెక్క వేశారనుకోండి. మధ్యలో వచ్చే 2755.732 అనే ఒక్క పదంలోనే 0.0005 దాకా సవరింపు దోషం ఉండొచ్చు. అది అసలు జవాబుకు పది రెట్లు. శ్రేణి నిలుస్తుందన్న మాట నిజమే, చేతికొచ్చే అంకెలు మాత్రం చెత్త. E(10)·E(−10) = E(0) = 1 కాబట్టి, పదాలన్నీ ధనాత్మకమైన E(10)ని ముందు కూడి, 1ని 22026.47తో భాగిస్తే చాలు.