ఒక యూనిట్ కరెంటుకు ఎంత వేడి కావాలి?

రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలను మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ 210 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉన్నాయి. సింగరేణి బొగ్గు కూడా అక్కడికి వస్తుంది. ఆ బొగ్గు వేడిలో మన ఇంటి మీటరు దాకా చేరేది ఎంత? ఇలాంటి యంత్రాలకు మామూలుగా ఉండే అంకెలతో లెక్క వేసి చూద్దాం.

ఒక యూనిట్ కరెంటు 860 కిలోకేలరీల వేడికి సమానం. కాని ఆ ఒక్క యూనిట్ తీయడానికి బాయిలర్‌లో సుమారు 2,450 కిలోకేలరీలు ఖర్చవుతాయి. దీన్నే ఇంజనీర్లు హీట్ రేట్ అంటారు. అంటే వందకు 35 పాళ్లే కరెంటు అవుతుంది. కిలోకు 3,500 కిలోకేలరీలిచ్చే బొగ్గయితే యూనిట్‌కు 700 గ్రాములు కావాలి. పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గు పొడిచేసే మిల్లులకు కేంద్రమే వందకు 9 పాళ్లు వాడుకుంటుంది. కనుక గేటు దాటిన యూనిట్‌కు 770 గ్రాములవుతుంది. తీగల్లో వందకు 15 పోయాయనుకుంటే, మీ ఇంట్లో తిరిగిన యూనిట్ వెనుక 900 గ్రాముల పైచిలుకు బొగ్గు ఉంటుంది. ఎవరైనా హీట్ రేట్ చెబితే, ఏ చోట కొలిచారని ముందుగా అడగండి.

మిగిలిన వేడి ఎక్కడికి పోతుంది? పొగలో పోతుందని మా బడి పిల్లలు రాస్తారు. పొగతో, బాయిలర్ ఇతర నష్టాలతో పోయేది వందకు 14 పాళ్లే. దాదాపు సగం వేడి పోయేది కండెన్సర్‌లో. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని అక్కడ వేల గొట్టాల్లో పారే చల్లని నీరు మళ్లీ నీరుగా మారుస్తుంది. అప్పుడు కిలో ఆవిరి సుమారు 570 కిలోకేలరీలు వదిలేస్తుంది. ఎంత అనవసర ఖర్చు అనిపిస్తుంది కదూ! కాని ఆవిరిని ఆవిరిగానే నొక్కి బాయిలర్‌లోకి పంపాలంటే టర్బైన్ ఇచ్చిన శక్తంతా దానికే సరిపోతుంది. నీటినైతే కొద్దిపాటి శక్తితో పంపు తోసేస్తుంది. పైగా ఆవిరి చల్లబడి కుదించుకుపోవడంతో ఏర్పడే శూన్యమే టర్బైన్ చివరి దశల్లో ఆవిరిని బలంగా లాగుతుంది.

ఆ గొట్టాల లోపల సున్నపు పొరో, నాచో పేరుకుంటే వేడి సరిగా దాటదు. శూన్యం తగ్గుతుంది. దీన్ని పట్టడం కష్టం కాదు. కండెన్సర్‌లోని ఆవిరి వేడికీ, బయటికి వచ్చే నీటి వేడికీ తేడా చూడాలి. శుభ్రంగా ఉంటే అది కొద్ది డిగ్రీలే. నీటి పారుదల మారకుండా ఆ తేడా వారం వారం పెరుగుతుంటే గొట్టాలు మురికి పట్టినట్టే. తేడా పెరగకుండానే శూన్యం పడిపోతే లోపలికి వచ్చే నీరే వేడెక్కిందేమో, నీటి పారుదల తగ్గిందేమో చూడాలి.

శూన్యం 10 మిల్లీమీటర్ల పాదరసం మేర తగ్గితే హీట్ రేట్ రమారమి వందకు ఒకటి, అంటే 25 కిలోకేలరీలు పెరుగుతుంది. 210 మెగావాట్ల యంత్రం రోజంతా నడిస్తే 50 లక్షల యూనిట్లు. ఆ లెక్కన రోజుకు 36 టన్నుల బొగ్గు అదనం. అందుకే కొన్ని కేంద్రాల్లో యంత్రం ఆపకుండానే నీటితో పాటు రబ్బరు స్పాంజి బంతులను గొట్టాల్లోకి వదులుతారు. అవి లోపలి మురికిని రుద్దుకుంటూ వెళ్లి అవతల జల్లెడలో చిక్కుతాయి. వాటిని ఏరి మళ్లీ వదులుతారు.