బాణం ఎటు చూస్తోంది?

ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక మా తమ్ముడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో 212, దాని పక్కన నిటారుగా పైకి చూస్తున్న బాణం, కింద కొండెక్కుతున్నట్టున్న గీత. దాని వెనకే ఒక మాట: "అక్కా, ఇంకో మాత్ర వేసుకోనా?"

వాడికి నలభై మూడేళ్లు, ఖమ్మంలో ఉంటాడు. షుగర్ బయటపడి అప్పటికి మూడు వారాలు. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్, దానితోపాటు చిన్న మోతాదులో గ్లిమెపిరైడ్ రాశారు. ఏ తిండికి ఒళ్లు ఎలా స్పందిస్తోందో తెలియడానికి పద్నాలుగు రోజుల సెన్సర్ ఒకటి ఎడమ జబ్బకి పెట్టించారు. ఆ రోజుకి అది ఐదో రోజు. షుగర్ పేషెంట్లకి తిండి, సెన్సర్ల గురించి చెప్పడమే నా ఉద్యోగం. అందుకే ఆ ప్రశ్న చూడగానే మెసేజ్ కొట్టకుండా నేరుగా ఫోన్ చేశాను. "మాత్ర ముట్టుకోకు. ముందు చెప్పు, ఎన్ని గంటలకి తిన్నావ్?"

ఎనిమిదీ పదికి నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి, పంచదార లేని కాఫీ. అంటే తిని సరిగ్గా గంటయింది. ఇక ఆ స్క్రీన్‌షాట్‌లో వింతేమీ లేదు. ఇడ్లీ అరిగి రక్తంలో కలిసే సమయమే అది.

ఇప్పుడే షుగర్ బయటపడినవాళ్లు దాదాపు అందరూ ముందు చూసేది పెద్ద అంకెనే. నేను మాత్రం ముందు బాణం చూడమంటాను. 212 అనేది ఈ నిమిషపు మాట. పైకి పోతున్న 212 వేరు, కిందికి దిగుతున్న 212 వేరు. రెండోది అప్పటికే సర్దుకుంటోందని అర్థం.

బాణానికి లెక్క ఉంది. తమ్ముడు పెట్టుకున్న రకం సెన్సర్‌లో నిటారు బాణం ↑ కనిపిస్తే షుగర్ నిమిషానికి 2 mg/dL కంటే వేగంగా పెరుగుతోందన్నమాట. ఏటవాలుగా ఉంటే ↗ నిమిషానికి 1 నుంచి 2 వరకు. అడ్డంగా ఉంటే → నిమిషానికి 1 కంటే తక్కువ మార్పు. కిందికి చూసే బాణాలకీ ఇదే కొలత. కొన్ని కంపెనీల యాప్‌లు జంట బాణాలు కూడా చూపిస్తాయి, వాటికి కొలత కాస్త వేరు. మీ యాప్ సహాయం పేజీలో ఒకసారి చూసుకోండి.

అడ్డ బాణం దగ్గర చాలామంది పొరబడతారు. షుగర్ కదలకుండా నిలబడిందనుకుంటారు. నిమిషానికి ఒకటికి లోపు అంటే గంటలో యాభై పైగా మారవచ్చు. 110 దగ్గర అడ్డ బాణం చూసి నిశ్చింతగా బండి తీసి బయల్దేరినవాళ్లు గంట తర్వాత 65 దగ్గర ఉండవచ్చు, అదీ బాణం ఒక్కసారి కూడా వంగకుండానే. అందుకే బాణం తర్వాత గీతను కూడా చూడాలి.

తమ్ముడి గీత ఇలా ఉంది. ఎనిమిదీ యాభైకి 170, తొమ్మిదీ పదికి 212. ఇరవై నిమిషాల్లో 42, అంటే నిమిషానికి రెండుకి కాస్త పైన. నిటారు బాణం అందుకే. ఫోన్ పెట్టేయకుండా ఇంటి ముందు వీధిలో నడవమన్నాను. తొమ్మిదిన్నరకి 238 అయింది, బాణం ఏటవాలుకి వచ్చింది. పావు గంట అక్కడే ఆగి మెల్లగా దిగడం మొదలైంది. పది యాభైకి 176. మధ్యలో వాడు ఇంకో గ్లిమెపిరైడ్ వేసుకుని ఉంటే ఏమయ్యేది? ఆ మాత్ర పని గంటలో ముగిసేది కాదు, దాని ప్రభావం చాలా గంటలు ఉంటుంది. ఇడ్లీల షుగర్ తనంతట తను దిగిపోయాక, మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే, ఆ అదనపు మాత్ర వాణ్ని ప్రమాదకరంగా కిందికి లాగేది. గ్రాఫ్ చూసి సొంతంగా మందు పెంచుకోవడం ఈ పరికరంతో జరిగే తప్పుల్లో అన్నిటికంటే పెద్దది.

ఆ రోజే ఇంకో అనుమానం వచ్చింది. వేలు గుచ్చి చూసుకుంటే గ్లూకోమీటర్ 229 చూపించింది, సెన్సర్ మాత్రం 212 అంటోంది. "ఇది తప్పు చూపిస్తోందక్కా" అన్నాడు. తప్పు కాదు. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. గ్లూకోజ్ ముందు రక్తంలోకి వచ్చి, అక్కణ్నుంచి ఆ నీటిలోకి చేరడానికి ఐదు పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. షుగర్ వేగంగా పెరిగేటప్పుడు సెన్సర్ వెనకబడి తక్కువ చూపిస్తుంది. వేగంగా పడిపోయేటప్పుడు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. పెట్టిన మొదటి రోజైతే ఈ తేడా ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. ఒంట్లో అనిపించేదానికీ, తెర మీద కనిపించేదానికీ పొంతన కుదరనప్పుడు వేలు గుచ్చి చూసిన అంకెనే నమ్మాలి.

రెండు రోజుల తర్వాత వచ్చిన స్క్రీన్‌షాట్ మా మరదల్ని బాగా భయపెట్టింది. రాత్రి మూడింటికి గీత ఒక్కసారిగా జారి 58 దగ్గర ఎర్రగా అరగంటకి పైగా పడి ఉంది. మూడూ నలభైకల్లా మళ్లీ నిలువునా లేచి 109కి వచ్చింది. ఆ ఆకారం చూడగానే నాకు అనుమానమొచ్చి, ఏ వైపు తిరిగి పడుకున్నాడని అడిగాను. ఎడమ వైపు, సెన్సర్ ఉన్న చెయ్యి కింద పెట్టుకుని. అలా నొక్కుకుంటే అక్కడికి రక్తం, నీరు సరిగా చేరక సెన్సర్ లేని పతనం చూపిస్తుంది. గోతిలో పడ్డట్టు నిలువుగా దిగడం, అడుగున చదునుగా ఉండడం, పక్కకి దొర్లగానే నిలువుగా లేవడం దాని గుర్తులు. నిజంగా షుగర్ పడిపోతే గీత సాధారణంగా వాలుగా దిగుతుంది, ఏదైనా తిన్నాక వాలుగానే ఎక్కుతుంది.

అయితే ఈ ఆకారం గుర్తుపట్టడం పొద్దున్నే తీరిగ్గా చేసే పని. అర్ధరాత్రి అలారం మోగితే విశ్లేషణ వద్దు, గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవాళ్లు అసలే వద్దు. లేచి వేలు గుచ్చి చూడండి. స్ట్రిప్ దొరక్కపోతే, లేదా చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే నిజమేననుకుని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ వేలు గుచ్చి చూడండి. అప్పుడు సెన్సర్‌ని చూస్తే అది ఇంకా వెనకబడి 60 అనే అంటూ ఉండవచ్చు. దాన్ని నమ్మి మళ్లీ మళ్లీ తీపి తింటే గంటలో 250కి పోతారు. మనిషి మింగలేని స్థితిలో, స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పద్నాలుగు రోజులూ అయ్యాక వాడు పంపిన చివరి స్క్రీన్‌షాట్‌లో గీత లేదు, రంగుల పట్టీ ఉంది. ఆకుపచ్చలో 61%, పసుపులో 33%, నారింజలో 4%, ఎరుపులో 2%. "అరవై ఒకటి ఫస్ట్ క్లాసేనా?" అని అడిగాడు. ఇవి మార్కులు కావు, గంటలు. ఆకుపచ్చ అంటే షుగర్ 70కీ 180కీ మధ్య ఉన్న సమయం. దాన్నే టైమ్ ఇన్ రేంజ్ అంటారు. రోజులో ఒక శాతమంటే సుమారు పావు గంట. 61% అంటే రోజుకి పద్నాలుగున్నర గంటలకి కాస్త పైన. 2019లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న లెక్క ప్రకారం ఎక్కువమంది పెద్దవాళ్లకి ఇది 70% దాటాలి, అంటే దాదాపు పదిహేడు గంటలు. తమ్ముడికి లోటు రోజుకి సుమారు రెండు గంటల పది నిమిషాలు.

ఇలా గంటల్లోకి మార్చుకుంటే, ఆ రెండు గంటలూ ఎక్కడ పోతున్నాయో వెతకవచ్చు. పద్నాలుగు రోజుల గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించే రిపోర్ట్ యాప్‌లోనే ఉంటుంది. అందులో రెండు కొండలు కనిపించాయి. ఒకటి టిఫిన్ తర్వాతిది. అంతకంటే పెద్దది రాత్రిది: షాపు మూసి పదింటికి అన్నం తిని వెంటనే పడుకోవడం వల్ల ఒంటిగంట దాకా 180 పైనే ఉంటోంది. తెల్లవారుజామున నాలుగింటికి 104 ఉన్నది ఏడింటికి ఏమీ తినకుండానే 128 అవడం కూడా వాడికి అంతుబట్టలేదు. అది తెల్లవారేముందు విడుదలయ్యే హార్మోన్ల వల్ల కాలేయం వదిలే గ్లూకోజ్. దానికి రాత్రి తిండిని తిట్టుకోనక్కర్లేదు.

తర్వాత డాక్టరుగారితో మాట్లాడి మార్చినవి రెండే. నాలుగు ఇడ్లీలకి బదులు రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు. రాత్రి భోజనం ఎనిమిదింటికి షాపుకే తెప్పించుకుని, తిన్నాక బజారులో పావు గంట నడక. మందు మోతాదు మారలేదు.

ఎరుపు మీద కూడా కన్నేసి ఉంచాలి. 70కి దిగువన ఉండే సమయం 4% మించకూడదు, 54కి దిగువన 1% లోపే ఉండాలి. ఆకుపచ్చ పెంచాలన్న పట్టుదలతో తిండి మానేసి ఎరుపు పెంచుకున్నవాళ్లని నేను చూశాను. పెద్ద వయసువాళ్లకి, షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువున్నవాళ్లకి ఆకుపచ్చ 50% దాటితే చాలు, 70కి దిగువన సమయం మాత్రం 1% లోపు ఉండాలి. గర్భిణులకి హద్దులే వేరు, 63 నుంచి 140. కాబట్టి మీ పట్టీని పక్కింటివాళ్ల పట్టీతో పోల్చుకోకండి.

ఇంకొక్క మాట. డాక్టరుకి స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు ఒక్క అంకె కత్తిరించి పంపకండి. ఆ రోజు మొత్తం గీత, తేదీ, టైము కనిపించేలా తీసి, ఏం తిన్నారో, మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, ఏ వైపు పడుకున్నారో కూడా రాసి పంపండి.