శనివారం రాత్రి చూసుకోవాల్సిన ఐదు అంకెలు

జంషెడ్‌పూర్ జీతాల ఊరు. ఉక్కు కంపెనీ వచ్చినప్పటి నుంచీ ఇక్కడి చిన్న కొట్ల బేరం జీతం తేదీల చుట్టూనే తిరుగుతుంది. నెలాఖరుకు అరువులు పెరుగుతాయి, జీతాలు పడ్డాక వసూలవుతాయి. అందుకే ఇక్కడ అమ్మకం ఒక్కటే చూసుకుంటే మోసపోతాం.

కద్మాలో ఒక తెలుగావిడ ఇడ్లీ, దోసెల కొట్టు పెట్టుకుందనుకుందాం. ఈ లెక్కలోని అంకెలు నేను వేసుకున్నవే. సోమవారం నుంచి శనివారం దాకా ఆమె అమ్మకం 21,000 రూపాయలు. ఇది మొదటి అంకె.

రెండోది, సరుకు ఖర్చు పోగా మిగిలేది. ఇక్కడే చాలామంది తప్పుతారు. ఆ వారం బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాస్‌కి 12,500 పెట్టింది. కానీ వారం మొదట్లో ఇంట్లో 3,000 రూపాయల సరుకుంది, చివరికి 3,500ది మిగిలింది. అంటే నిజంగా వాడింది 12,000దే. మిగిలింది 9,000, రూపాయికి 43 పైసలు. అమ్మకం తగ్గకుండా ఈ పైసలు తగ్గుతుంటే నూనె ధరైనా పెరిగి ఉండాలి, పిండైనా పులిసి పారబోసి ఉండాలి.

మూడోది, బేరం ఉన్నా లేకున్నా తప్పని ఖర్చు. కొట్టు అద్దె, సాయం చేసే అమ్మాయి కూలి, కరెంటు, అప్పు వాయిదా కలిపి వారానికి 5,500. రూపాయికి 43 పైసల చొప్పున అది రావాలంటే సుమారు 12,800 అమ్మాలి. రోజుకు 3,500 అమ్ముతున్న ఆమెకు గురువారం చాలావరకు గడిస్తేగాని సొంత సంపాదన మొదలవదు.

లెక్క ప్రకారం లాభం 3,500. మరి గల్లాపెట్టెలో?

ఆ వారం ఆమె 4,000 రూపాయల టిఫిన్లు అరువిచ్చింది, పాత బాకీ 1,200 వసూలైంది. నాలుగో అంకె అయిన బాకీల మొత్తం 2,800 పెరిగింది. ఐదోది చేతిలో డబ్బు, ఫోన్ ద్వారా ఖాతాలో పడినదీ కలుపుకొని. వచ్చినవి 18,200, సరుకుకూ ఖర్చులకూ పోయినవి 18,000. పెరిగింది 200 మాత్రమే! లాభంలో 2,800 అరువు పుస్తకంలో ఉంది, 500 సరుకు డబ్బాల్లో ఉంది. లాభం వచ్చిందని ఇంటిఖర్చుకు 3,000 తీసుకుంటే, వచ్చే సోమవారం పప్పు కొనడానికి అప్పు చేయాల్సి రావచ్చు.

ఒక్క వారం అంకెలు చూసి కంగారు పడక్కర్లేదు. దుర్గాపూజ ముందు బోనస్ పడిన వారాన్ని మామూలు వారంతో పోల్చితే తప్పు దారి పడతాం, నిరుటి పూజ వారంతో పోల్చాలి. బాకీలను మాత్రం పోయిన నెల ఇదే వారంతో పోల్చాలి. జీతాలు పడి పది రోజులైనా అవి తగ్గకపోతే, పుస్తకంలో ఎవరి పేజీ ఎన్నాళ్లుగా కదల్లేదో చూసి, ముందు వాళ్లకి అరువు ఆపాలి.