మూడు తారీఖుల ఉత్తరం

బీమా కంపెనీ నుంచి వచ్చే కాగితాల్లో చదవకుండానే బీరువాలోకి వెళ్లిపోయేది ఆటో డెబిట్ ఉత్తరం. ‘మీ ప్రీమియం ఇకపై నేరుగా మీ బ్యాంకు ఖాతా నుంచి తీసుకుంటాం’ అన్న మొదటి వాక్యంతోనే నెత్తి మీద బరువు దిగినట్టుంటుంది. ఇంక మిగతా పేజీ ఎవరు చదువుతారు? నేను చాలా ఏళ్లు ఒక కంపెనీ బ్రాంచిలో ఆ ఉత్తరాలు పంపే బల్ల దగ్గరే పనిచేశాను. ఆ మొదటి వాక్యం నాకెప్పుడూ నచ్చలేదు. ‘తీసుకుంటాం’ అనడం తప్పు. ‘ఇమ్మని మీ బ్యాంకును అడుగుతాం’ అనాలి. అడిగినప్పుడు బ్యాంకు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆ ఉత్తరంలో మిగతాదంతా ఈ ‘ఇవ్వకపోవచ్చు’ గురించే.

మన దేశంలో ఖాతా మీద నడిచే ఆటో డెబిట్‌లు ఎక్కువగా నాచ్ అనే ఏర్పాటు మీద నడుస్తాయి. పాతవాళ్లు ఈసీఎస్ అనేవారే, దాని స్థానంలో వచ్చింది. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దీన్ని నడుపుతుంది. గడువు వచ్చినప్పుడు బీమా కంపెనీ తన బ్యాంకుకు ఒక జాబితా పంపుతుంది. అది ఎన్‌పీసీఐ మీదుగా మీ బ్యాంకుకు చేరుతుంది. మీ బ్యాంకు తన దగ్గరున్న మీ అనుమతిని, ఖాతాలో నిల్వను చూసి అవుననో కాదనో జవాబు పంపుతుంది. ఆ అనుమతి పేరే మ్యాండేట్.

మ్యాండేట్ ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో అయితే కంపెనీ సైటులో మీ బ్యాంకును ఎంచుకుని, నెట్ బ్యాంకింగ్‌తోనో డెబిట్ కార్డుతోనో ఆధార్‌తోనో ఒప్పుకోవాలి. చివర్లో ఓటీపీ వస్తుంది. కాగితం మీద అయితే ఫారం నింపి, సంతకం పెట్టి, కొట్టివేసిన చెక్కు ఒకటి జతచేసి ఇవ్వాలి. కాగితం దారిలో ఎక్కువగా దెబ్బతినేది సంతకం దగ్గరే. ఇరవై ఏళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు పొడుగ్గా ఇంటిపేరుతో సహా పెట్టిన సంతకం, ఇప్పుడు రెండు గీతలైపోయి ఉంటుంది. ఫారం తిరిగొస్తుంది. ఇద్దరూ కలిసి సంతకం చేయాల్సిన జాయింట్ ఖాతా అయితే ఫారం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. భర్త ఒక్కడే పెట్టి పంపినవి నేను లెక్కలేనన్ని చూశాను.

అనుమతి నమోదైతే యూఎంఆర్ఎన్ అని ఇరవై అక్షరాలూ అంకెల నంబరు ఒకటి వస్తుంది. అది వచ్చేదాకా మీ ఆటో డెబిట్ లేనట్టే లెక్క. ఓటీపీ కొట్టాం కదా, ఫారం ఇచ్చేశాం కదా అని ఈలోపు వచ్చిన వాయిదా కట్టకుండా ఊరుకుంటే పాలసీ మొదటి నెలలోనే చిక్కులో పడుతుంది. నంబరు చేతికొచ్చేదాకా వాయిదా మామూలుగానే కట్టుకోవాలి.

మ్యాండేట్‌లో ఒక గడిని మాత్రం తొందరపడి నింపకూడదు. గరిష్ఠ మొత్తం అని ఉంటుంది. మీ ప్రీమియం 14,200 రూపాయలైతే, ‘ఎక్కువ రాస్తే ఎక్కువ లాగేస్తారేమో’ అన్న భయంతో అక్కడ 15,000 రాస్తారు. ఆ అంకె కంపెనీ లాగే మొత్తం కాదు, దాటకూడని హద్దు. కంపెనీ అప్పటికి రావాల్సిన ప్రీమియం మాత్రమే అడగాలి. ఆరోగ్య బీమాలో వయసు మెట్టు మారగానే ప్రీమియం పెరుగుతుంది. అది 15,600 అయిన ఏడాది కంపెనీ ఆ మొత్తం అడుగుతుంది, హద్దు 15,000 కనుక బ్యాంకు కాదంటుంది. ఖాతాలో లక్ష రూపాయలున్నా సరే. టర్మ్ పాలసీల్లో వాయిదా చాలావరకు మారదు కాబట్టి కొంచెం పైన రాస్తే చాలు. ఆరోగ్య బీమాకు మాత్రం రాబోయే పెంపులకు చోటుండేలా రాసుకోవాలి. తగ్గినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. గరిష్ఠ మొత్తం పద్ధతిలో రాసిన మ్యాండేట్‌లను అందుకోసం మార్చాల్సిన పని రాలేదు, ఎందుకంటే తగ్గిన మొత్తం హద్దు లోపలే ఉంటుంది.

కార్డు మీదా యూపీఐ మీదా ఇచ్చే అనుమతులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వేరు. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలి. బీమా ప్రీమియం లక్ష రూపాయల దాకా అయితే ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదని 2023 డిసెంబరులో హద్దు పెంచారు.

ఇక తారీఖులు. ఉత్తరంలో అవి మూడుంటాయి, అందరూ ఒకటే చూస్తారు. మొదటిది గడువు తేదీ, అంటే వాయిదా కట్టాల్సిన రోజు. పాలసీ మొదలైన రోజును బట్టి అది స్థిరపడి ఉంటుంది. రెండోది డెబిట్ తేదీ, కంపెనీ బ్యాంకును అడిగే రోజు. కొన్ని కంపెనీలు రెండూ ఒకటే పెడతాయి, కొన్ని మనల్నే ఎంచుకోమంటాయి. మూడోది గ్రేస్ ముగిసే రోజు. జీవిత బీమాలో నెలవారీ వాయిదాకు 15 రోజులు, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది వాయిదాలకు 30 రోజులు. ఈ గ్రేస్ లెక్క గడువు తేదీ నుంచి మొదలవుతుంది, డెబిట్ తేదీ నుంచి కాదు. గడువు 12న ఉంటే, జీతానికి అనువుగా ఉంటుందని డెబిట్ 20న పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు డెబిట్ కుదరకపోతే మిగిలేది వారం రోజులే.

డెబిట్ రోజు గురించి మరో మాట. పూర్వం ఆదివారం వస్తే సోమవారానికి జరిగేది. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ అన్ని రోజులూ నడుస్తోంది. ‘ఈరోజు ఆదివారం కదా, రేపు వేద్దాం’ అనే వీలు లేదు. బ్యాంకు ఎప్పుడు చూస్తుందో మన చేతిలో లేదు కాబట్టి డబ్బు ముందురోజు రాత్రికే ఉండాలి. పైగా ఇది కొద్దికొద్దిగా తీసుకునే లెక్క కాదు. వాయిదాకు పది రూపాయలు తగ్గినా మొత్తం తిరిగొస్తుంది.

తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసే టీచరమ్మ పాలసీ నాకింకా గుర్తు. టర్మ్ పాలసీ, నెలకు 1,860 రూపాయలు, గడువూ డెబిట్టూ రెండూ 12వ తేదీనే. జీతం మామూలుగా ఎనిమిదిలోపు పడేది. ఓ మార్చిలో స్కూలువాళ్లు 14న వేశారు. పన్నెండున ఖాతాలో ఉన్నది తొమ్మిదొందలు. డెబిట్ తిరిగొచ్చింది. బ్యాంకు 250 రూపాయల చార్జీ వేసి, దాని మీద జీఎస్టీ కలిపి 295 పట్టుకుంది. కంపెనీ నుంచి ఇంగ్లిషులో మెసేజి వెళ్లింది, ఆవిడ చూసింది కూడా. పద్నాలుగున జీతం పడగానే, ‘సరే, ఇప్పుడు డబ్బుంది కదా, వాళ్లే తీసుకుంటారు’ అనుకుంది.

ఎవరూ తీసుకోలేదు. ఖాతాలో డబ్బుంది, అడిగేవాడు లేడు. కొన్ని కంపెనీలు గ్రేస్ లోపల మరోసారి అడుగుతాయి, ఆ కంపెనీ అడగలేదు. ఆ సంగతి ఉత్తరం రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మార్చి 27తో పదిహేను రోజులూ అయిపోయాయి, పాలసీ ల్యాప్సయింది. ల్యాప్సయిన పాలసీకి మరి వాయిదా అడగరు కాబట్టి ఏప్రిల్ 12నా, మే 12నా ఏమీ జరగలేదు. ఆవిడ పాస్‌బుక్ వేయించుకుని జూన్ మొదటివారంలో బ్రాంచికొచ్చింది.

‘డబ్బు ఖాతాలోనే ఉంది సార్, మీరే తీసుకోలేదు’ అంది.

ఆవిడ కోపంలో న్యాయముంది. ఏ లైనులో డెబిట్ పడలేదో పాస్‌బుక్‌లో చూపించగలిగింది గాని, ఎందుకు పడలేదో చెప్పే లైను పాస్‌బుక్‌లో ఉండదు.

ఆవిడకు అప్పుడు నేను చెప్పింది ఇదీ. మార్చి 12 నుంచి 27 మధ్య ఆవిడకేమైనా జరిగి ఉంటే, ఆ ఒక్క వాయిదా మినహాయించుకుని కంపెనీ క్లెయిమ్ ఇచ్చి ఉండేది. గ్రేస్‌లో రక్షణ ఉంటుంది. మార్చి 28 నుంచి ఆ రోజు దాకా ఏమీ లేదు. టర్మ్ పాలసీలో పొదుపు ఉండదు కనుక ఇచ్చేందుకు ఏమీ మిగలదు. పొదుపు కలిసిన పాలసీ కొన్నేళ్లు కట్టి ఉంటే పూర్తిగా పోదు, తగ్గిన మొత్తానికి పెయిడప్‌గా మిగులుతుంది. పునరుద్ధరించుకునే అవకాశం మాత్రం ఉంది. కట్టని మొదటి వాయిదా నుంచి అయిదేళ్ల దాకా, యూలిప్‌లకైతే మూడేళ్ల దాకా. ఆవిడ మూడు వాయిదాలు, 5,580 రూపాయలు, వడ్డీతో కట్టింది. ఆరోగ్యం బాగుందని మళ్లీ ఫారం నింపింది. ఆ ఫారం దగ్గర ఆవిడకు చెప్పాల్సింది ఇంకొకటుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదు. పునరుద్ధరిస్తే ఆ మూడేళ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలు. ఆవిడకు అప్పటికి రెండేళ్ల పది నెలలు నిండాయి.

ఆరోగ్య బీమాలో లెక్క కాస్త వేరు. వాయిదాల్లో కట్టే పాలసీకి గ్రేస్‌లోనూ రక్షణ కొనసాగుతుంది. కాని ఏడాదికోసారి ఒకేసారి కట్టే పాలసీని గడువు దాటాక గ్రేస్‌లో రెన్యూ చేస్తే, వెయిటింగ్ పీరియడ్ల లెక్క పోకపోయినా, మధ్యలో ఖాళీ పడ్డ రోజుల్లో ఆసుపత్రి పాలైతే డబ్బు రాదు.

డబ్బు లేకే డెబిట్ తిరిగొస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఉద్యోగం మారి పాత జీతం ఖాతా మూసేసినవాళ్లున్నారు. కేవైసీ ఇవ్వక ఖాతా స్తంభించినవాళ్లున్నారు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఎందరికో ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. మీ బ్యాంకు విలీనమైందన్న వార్త చూస్తే, ఆ నెల డెబిట్ పడిందో లేదో పాస్‌బుక్‌లో ఒకసారి చూసుకోవాలి.

టీచరమ్మ వెళ్లాక, ఆ నెల పంపాల్సిన ఉత్తరాలకు పైన నాలుగు వాక్యాలు తెలుగులో కలిపాను. పైవాళ్లు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

‘మీ వాయిదా ప్రతి నెలా 12న మీ బ్యాంకును అడుగుతాం. 11వ తేదీ రాత్రికి ఖాతాలో 1,860 రూపాయలు ఉంచండి. 12న అందకపోతే మేం మళ్లీ అడగం, 27లోపు మీరే కౌంటర్లోనో ఆన్‌లైన్‌లోనో కట్టాలి. 27 దాటితే ఈ పాలసీలో మీకు రక్షణ ఉండదు.’