ఒకటిన్నర శాతం ఖరీదు ఎంత?

నెలకు పదివేల చొప్పున 20 ఏళ్లు సిప్ కట్టేవారు ముందుగా చూడాల్సింది ఎక్స్‌పెన్స్ రేషియో. ఫండ్ సంస్థ తన ఖర్చుల కింద మన సొమ్ములోంచి ఏటా తీసుకునే శాతం ఇది. రోజూ కొంచెం కొంచెంగా ఎన్ఏవీలోనే తగ్గిపోతుంది కాబట్టి మన కంటికి కనిపించదు.

నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో ఈ ఖర్చు 0.2 శాతం, ఏజెంటు ద్వారా కొన్న యాక్టివ్ ఫండ్‌లో 1.7 శాతం అనుకుందాం. ఖర్చులకు ముందు రెండూ ఏటా 12 శాతం పెరిగాయనుకుంటే, మనం కట్టిన 24 లక్షలు మొదటిదానిలో సుమారు 96 లక్షలు, రెండోదానిలో 79 లక్షలు అవుతాయి. తేడా 17 లక్షలు! అంటే యాక్టివ్ ఫండ్ మేనేజరు సూచీని ఏటా ఒకటిన్నర శాతం మించితేనే మనకు సమానమవుతుంది. అన్నేళ్లపాటు అలా మించినవారు పెద్ద కంపెనీల ఫండ్లలో తక్కువే. అదే యాక్టివ్ ఫండ్‌ను డైరెక్ట్ ప్లాన్‌లో తీసుకుంటే భారం చాలావరకు తగ్గుతుంది. చిన్న, మధ్యతరహా కంపెనీల్లో మంచి మేనేజరుకు అవకాశం ఎక్కువే కానీ, ఆ మేనేజరెవరో ముందుగా పసిగట్టడం కష్టం.

ఇండెక్స్ ఫండ్లన్నీ ఒకటి కావు. డివిడెండ్లు కలిపిన టీఆర్‌ఐ సూచీతో ఫండ్ రాబడిని పోల్చండి. ఆ తేడా ఏటా ఖర్చు శాతాన్ని బాగా మించుతుంటే ఇంకో ఫండ్ చూసుకోండి.